ఫిల్టర్‌లో డికాక్షన్ సగంలో ఆగిపోతాంది: తప్పు ఫిల్టర్‌దా, పొడిదా?

గుత్తి_రోడ్డు (అనంతపురం), ఆదివారం ఉదయం 7:12

రెండు గిన్నెల స్టీలు ఫిల్టర్, నలుగురికి సరిపోయేది. పైగిన్నెలో నాలుగు పెద్ద స్పూన్లు కుప్పగా పొడి వేసి, దాని మీద పిడి ఉన్న గొడుగు బిళ్ల పెట్టి, మరిగిన నీళ్లు పోస్తాండాం. మొదట చుక్కలు బాగానే పడతాండాయి. పది నిమిషాలయ్యేసరికి చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెరిగి, ఆనక పడిందా లేదా అని చూసుకోవాల్సి వస్తాంది. గంటైనా కిందిగిన్నెలో పావు వంతు కూడా లేదు. పోయిన నెల దాకా ఇదే ఫిల్టర్‌లో ఇరవై నిమిషాలకంతా దిగేది. ఈసారి పొడి వేరే అంగట్లో ఆడించినాం. ఫిల్టర్ పారేయాల్నా, పొడి పారేయాల్నా?

నల్లరేగడి (నంద్యాల), ఉదయం 7:40

రెండూ పారేయొద్దు నాయనా. నీళ్లు సరిగా మరగలేదు, అంతే. తెర్లకాగిన నీళ్లు పోస్తే పొడి తెరుచుకుని తనంతట తానే దిగుతుంది. ఇంకొకటి, పొడిని గొడుగుతో గట్టిగా అదిమి పెట్టాలి. వదులుగా ఉంటే నీళ్లు పైన తేలుతూ నిలబడిపోతాయి.

పాత_బస్టాండు (కడప), ఉదయం 8:05

మా వీధిలో అందరికీ ఇదే బాధ. లోపల క్యాండిల్ మూసుకుపోయి ఉంటుంది. ఆరు నెలలకొకసారి మార్చాల. బోరు నీళ్లయితే ఇంకా ముందే పోతుంది.

దేవునికడప, ఉదయం 8:09

అన్నా, ఆయన అడిగేది కాఫీ ఫిల్టర్. మంచినీళ్ల ఫిల్టర్ కాదు.

పాత_బస్టాండు (కడప), ఉదయం 8:11

పైన ‘ఫిల్టర్‌లో ఆగిపోతాంది’ అన్నంత వరకే చూసినా. సరే, మీరు కానీండి.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), ఉదయం 8:34

గుత్తి రోడ్డు గారూ, ‘పావు వంతు’, ‘నాలుగు స్పూన్లు’ అంటే తప్పెక్కడుందో తేలదు. పొడి ఎన్ని గ్రాములు, నీళ్లు ఎన్ని మిల్లీలీటర్లు అన్నది ఒకసారి కొలవండి. పొడి తన బరువుకు సుమారు రెండింతల నీళ్లు పట్టుకుని వదలదు. 30 గ్రాముల పొడికి 180 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే అందులో 60 పొడిలోనే ఉండిపోయి, కిందికి 120 వస్తుంది. ఎంత రావాలో తెలిస్తేనే ఎంత ఆగిందో తెలుస్తుంది. పైగిన్నె నిండా పోసినంతా కిందికి రాలేదని చాలామంది ఫిల్టర్‌ను తిడతారు, అది న్యాయం కాదు.

కొలిచాక మూడు పరీక్షలు చేయండి. వరుస మార్చొద్దు.

ముందు పొడి లేకుండా ఖాళీ పైగిన్నెను సింకు మీద పట్టుకుని ఒక గ్లాసు నీళ్లు పోయండి. అడుగు మొత్తం మీద నుంచి సన్నటి ధారలు పడాలి. మధ్యలో పడుతూ అంచుల్లో పడకపోతే, లేదా ధార పోయి బొట్లే రాలుతుంటే, పొడి గురించి ఆలోచించే పనే లేదు, చిల్లులు మూసుకుపోయినట్టే. అదే గిన్నెను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూసినా తెలుస్తుంది.

రెండోది, రేపు పొడి వేసి నీళ్లు పోసి చుక్కలు ఆగాక పైగిన్నెను పట్టుకుని అర వేలు ఎత్తున పైకి లేపండి. ‘బుస్’మని చప్పుడు వచ్చి చుక్కలు మళ్లీ గబగబా పడితే అది గాలి చేసే పని. ఏ మార్పూ లేకపోతే గాలిని వదిలేయండి.

మూడోది, కొత్త పొడిని చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. ఏం తగిలిందో చెప్పండి.

నల్లరేగడి గారూ, నీళ్ల వేడి మాట నిజమే. వేడి నీళ్లు పలచగా ఉంటాయి కాబట్టి త్వరగా దిగుతాయి, సారం కూడా బాగా లాగుతాయి. కానీ ఆగిపోతున్న ఫిల్టర్‌లో పొడిని ఇంకా అదిమితే ఉన్న సందులు కూడా పోతాయి. అదిమే మందు పడాల్సింది వేరే జబ్బుకు, నీళ్లు జారిపోయే ఫిల్టర్‌కు.

నల్లరేగడి (నంద్యాల), ఉదయం 9:02

మా ఇంట్లో ఎప్పుడూ అదిమే పెడతాం తల్లీ. బాగానే దిగుతుంది.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), ఉదయం 9:15

మీ పొడి కాస్త బరక అయ్యుంటుంది. బరక పొడిని అదిమితే సరిపోతుంది, మెత్తని పొడిని అదిమితే గోడ అవుతుంది.

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు), ఉదయం 9:50

ఆ గాలి సంగతి నాకు ఎక్కలేదు అక్కా. మూత లేకుండా పెట్టినా గాలి ఎట్లా అడ్డొస్తుంది?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), ఉదయం 10:30

అడ్డొచ్చేది పైన గాలి కాదు, కింద గాలి. కిందిగిన్నె ఖాళీగా కనబడుతుంది గానీ దాని నిండా గాలి ఉంది. ఒక చుక్క లోపలికి రావాలంటే అంత గాలి బయటికి పోవాలి. పోయే దారి రెండు గిన్నెలూ కలిసే అతుకు దగ్గర ఉన్న సన్నటి సందే. కొత్త ఫిల్టర్లలో ఆ అతుకు బిర్రుగా ఉంటుంది. కడిగి తుడవకుండా అమర్చితే అక్కడ నీటి పొర పట్టి ఆ సందు కూడా మూసుకుంటుంది. వేడి డికాక్షన్ తగిలి కింది గాలి ఉబ్బుతుంది కూడా.

ఇది చిన్న విషయమనిపిస్తుంది గానీ లెక్క వేస్తే తెలుస్తుంది. చుక్కను కిందికి తోసేది పైన నిలిచిన నీటి ఎత్తు ఒక్కటే. చిన్న ఫిల్టర్‌లో అది అయిదు సెంటీమీటర్లు అనుకుందాం. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి పది మీటర్ల నీటి ఎత్తుతో సమానం. అంటే వెయ్యి సెంటీమీటర్లలో అయిదు, అర శాతం. కిందిగిన్నెలో 200 మిల్లీలీటర్ల గాలి నిజంగా బందీ అయితే అది అర శాతం నొక్కుకుంటే చాలు, చుక్క ఆగిపోతుంది. 200లో అర శాతం ఒక్క మిల్లీలీటరు, ఇరవై చుక్కలు. గాలి పూర్తిగా మూసుకుంటే ఇరవై ముప్పై చుక్కలకే కథ అయిపోతుందన్న మాట. ఎక్కడో కాస్త కారుతుంది కాబట్టి, గాలి ఎంత వేగంతో బయటికి పోతుందో డికాక్షన్ అంతే వేగంతో దిగుతుంది.

అందుకే ఎప్పుడు ఆగిందన్నది ముఖ్యం. మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే ఠక్కున ఆగితే గాలిని అనుమానించండి. మొదట బాగా దిగి, పోనుపోను ఎడం పెరుగుతూ పోతే పొడి, లేదా చిల్లులు. గుత్తి రోడ్డు గారిది రెండో రకంలా ఉంది, అయినా పరీక్ష చేయనివ్వండి.

గాలి బందీ అయితే మందు తేలిక. అతుకును పొడిగుడ్డతో తుడిచి అమర్చండి, బిగించి తిప్పొద్దు. అప్పటికీ ఆగితే అతుకులో ఒక టూత్‌పిక్ ముక్క ఇరికిస్తే పైగిన్నె వెంట్రుకవాసి వాలి గాలికి దారి దొరుకుతుంది.

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు), ఉదయం 10:41

ఇరవై చుక్కలా! ఎప్పుడైనా నిలిచిపోతే ఫిల్టర్‌ను బల్ల మీద టక్‌టక్‌మని కొట్టేవాళ్లం. ఆ అదురుకు గాలి పోతుందా?

కాఫీ_మర (కర్నూలు), ఉదయం 11:20

కొడితే పోయే గాలి కంటే జరిగే చెడు ఎక్కువ. మాది కాఫీ గింజలు వేయించి ఆడించే పని కాబట్టి పొడి వైపు నుంచి చెప్తా. ఎంత మంచి మరలో ఆడించినా పొడిలో దుమ్ములాంటి నలుసు కొంత ఉంటుంది. నీళ్లతో పాటు అది పెద్ద రేణువుల సందుల్లోంచి మెల్లగా కిందికి జారి చిల్లుల మీద పేరుకుంటుంది. మొదట బాగా దిగి తర్వాత నీరసపడటానికి అసలు కారణం ఇదే. ఫిల్టర్‌ను తట్టితే ఆ నలుసు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. తట్టగానే పది చుక్కలు పడతాయి, పని చేసిందనుకుంటారు. రెండు నిమిషాలకు మొదటికంటే బిగుసుకుంటుంది.

నీళ్లను ఎత్తు నుంచి ధారగా పోసినా అంతే. పొడి కలిసిపోయి నలుసు లేస్తుంది. గొడుగు ఉన్నది అందుకే. నీళ్లు దాని మీద పడి చెదిరి అంచుల వెంట నెమ్మదిగా దిగాలి. గొడుగు అదమడానికని చాలామంది అనుకుంటారు, అది రెండో పని.

ఇంకొక మాట. పైగిన్నెలో నీటి ఎత్తు తగ్గేకొద్దీ తోపు తగ్గుతుంది కాబట్టి చివరి సగం మొదటి సగం కంటే నెమ్మదిగా దిగడం మామూలే. దాన్ని జబ్బనుకోవద్దు.

దేవునికడప, మధ్యాహ్నం 12:15

మాది దీనికి ఉల్టా సమస్య, ఇక్కడే అడిగేస్తా. మూడు నిమిషాల్లో అంతా దిగిపోతుంది, డికాక్షన్ టీ రంగులో ఉంటుంది. చిక్కబడాలని పొడి అదిమి చూశా, పెద్దగా మారలేదు. గింజలు తెచ్చి ఇంట్లో మిక్సీలో ఆడిస్తాం. చికోరీ కలపం. ఇద్దరమే, రెండు స్పూన్లు వేస్తాం. ఫిల్టర్ పాతది, పెద్దది.

కాఫీ_మర (కర్నూలు), మధ్యాహ్నం 1:02

మీ చివరి నాలుగు వాక్యాల్లో మూడు కారణాలు ఉన్నాయి.

మిక్సీ బ్లేడు గింజను నలపదు, కొడుతుంది. అడుగున పడినది పిండి అవుతుంది, పైన ఎగిరినది నూక అవుతుంది. నూక సందుల్లోంచి నీళ్లు పరుగెత్తుతాయి. ఇంట్లోనే కావాలంటే ఒకేసారి తిప్పకుండా అయిదేసి సెకన్లు తిప్పి ఆపి, జాడీ కుదిపి, మళ్లీ తిప్పండి. తర్వాత సన్న జల్లెడ పట్టి, పైన మిగిలినదాన్ని మళ్లీ వేయండి. మర పొడితో సమానం కాదు గానీ నూక తగ్గుతుంది.

రెండోది చికోరీ. చికోరీలో నీళ్లకు కరిగిపోయే సారం కాఫీకంటే ఎక్కువ. అది కరిగి జిగటగా మారి నీళ్లను కాసేపు పట్టి ఉంచుతుంది. అది లేదు కాబట్టి మీకు ఆ బ్రేకు లేదు. చికోరీ వద్దంటే మంచిదే, అప్పుడు పొడిని కాస్త ఎక్కువ మెత్తగా ఆడించాలి.

మూడోది, నా లెక్కలో అసలైనది, ఫిల్టర్ సైజు. మీ పైగిన్నె అడ్డం కొలత చెప్పండి.

దేవునికడప, మధ్యాహ్నం 1:10

ఏడు సెంటీమీటర్లు. పొడి తూచితే 15 గ్రాములు.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), మధ్యాహ్నం 1:48

అయితే మీ పొడి పొర మందం ఒక సెంటీమీటరే, చిటికెనవేలు వెడల్పు. అంత పలచని పొరలో గొడుగు ఏ కొంచెం వాలినా ఒక పక్క పొడి ఇంకా తగ్గి, నీళ్లన్నీ అక్కడి నుంచే దారి చేసుకుని పోతాయి. మిగతా పొడి తడిసి కూర్చుంటుందే గానీ సారం ఇవ్వదు. అయ్యాక గొడుగు తీసి పొడి పైభాగం చూడండి. ఒక చోట గుంటో, గోడకూ పొడికీ మధ్య సందో కనబడితే ఇదే జరిగింది.

అదే 15 గ్రాములు అయిదు సెంటీమీటర్ల అడ్డమున్న చిన్న ఫిల్టర్‌లో వేస్తే పొర మందం రెండింతలవుతుంది. ఇద్దరికి చిన్నది కొనుక్కోవడమే మేలు. పెద్దదే వాడాలంటే 30 గ్రాములు వేసి, మిగిలిన డికాక్షన్ ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రానికి వాడుకోండి.

నీళ్లు కూడా రెండు విడతలుగా పోయండి. ముందు పొడి తడిసేంత, 15 గ్రాములకు 30 మిల్లీలీటర్లు చాలు. అర నిమిషం ఆగండి. పొడి తడిసి ఉబ్బి సందులు సర్దుకుంటాయి. వేయించి ఎన్నో రోజులు కాని పొడి అయితే ఆ అర నిమిషంలో బుడగలు కూడా వస్తాయి, గింజలో చిక్కుకున్న గ్యాసు అది. ఆనక మిగతా నీళ్లు మెల్లగా గొడుగు మీద పోయండి.

నల్లరేగడి (నంద్యాల), మధ్యాహ్నం 2:20

చూశారా, ఈ అబ్బాయికైతే అదమాలి కదా. నేను చెప్పింది పూర్తిగా తప్పేం కాదు.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), మధ్యాహ్నం 2:31

తప్పు కాదండి. ఈయన విషయంలో మీ మాటే సరి. అయితే ముందు చదును చేసి, ఆ తర్వాత సమంగా అదమాలి. ఎత్తుపల్లాల మీద అదిమితే లాభం లేదు.

గుత్తి_రోడ్డు (అనంతపురం), సోమవారం ఉదయం 8:20

కొలిచినా. పొడి 30 గ్రాములు, నీళ్లు 180. గంటకు దిగింది 40 మిల్లీలీటర్లు. మీ లెక్క ప్రకారం 120 రావాల.

ఖాళీ గిన్నెలో నీళ్లు పోస్తే మధ్యలో రూపాయి బిళ్లంత మేర ధారలు పడినాయి, చుట్టూ అంచుల్లో ఒక్కటీ లేదు. వెలుతురుకు పెడితే అంచు చిల్లులు తెల్లగా మూసుకుని ఉండాయి. పైగిన్నె లేపితే చప్పుడూ లేదు, మార్పూ లేదు. పొడి రుద్దితే గోధుమపిండి మాదిరి వేళ్లకు అంటుకుంటాంది. పొట్లం మీద చూస్తే కాఫీ 60, చికోరీ 40 అని ఉండాది. ముందు వాడింది 80-20.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), ఉదయం 8:55

అయితే రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. చిల్లులు ఎన్నాళ్లుగానో కొంచెం కొంచెంగా మూసుకుంటూ ఉండి ఉంటాయి. పాత పొడి సరైన మెత్తదనంలో ఉండటంతో ఆ మిగిలిన చిల్లులతోనే నెట్టుకొచ్చింది. కొత్త పొడి వచ్చేసరికి బయటపడింది. రెండూ ఒకేసారి మార్చొద్దు, దేని వాటా ఎంతో తెలియదు. ముందు ఫిల్టర్ బాగు చేసి, ఇదే పొడితో మళ్లీ కొలవండి.

తెల్లగా ఉన్నది బోరు నీళ్ల సున్నం. దాని కింద కాఫీ జిడ్డు కూడా ఉంటుంది. జిడ్డు పైన ఉండగా పులుపు వేస్తే సున్నానికి సరిగా తగలదు, అందుకని ముందు జిడ్డు తీయాలి. అర లీటరు మరిగిన నీళ్లలో ఒక స్పూను తినే సోడా వేసి పైగిన్నెను అరగంట నాననివ్వండి. పాత టూత్‌బ్రష్‌తో అడుగువైపు నుంచి, అంటే చుక్క పడే వైపు నుంచి రుద్దండి. లోపలివైపు నుంచి రుద్దితే మురికిని చిల్లుల్లోకే తోసినట్టవుతుంది. బాగా కడిగేసి, ఇంకో అర లీటరు వేడి నీళ్లలో ఒక స్పూను నిమ్మ ఉప్పు వేసి ఇరవై నిమిషాలు. సన్నటి బుడగలు వస్తే సున్నం కరుగుతున్నట్టు. సోడా, నిమ్మ ఉప్పు కలిపి మాత్రం వేయొద్దు. పొంగడం చూడ్డానికి బాగుంటుంది, ఒకదాన్నొకటి చంపేసుకుని రెండూ పని చేయవు.

సూదితో పొడవొద్దు. చిల్లు సాగితే మళ్లీ చిన్నది కాదు, నలుసు కప్పులోకి వస్తుంది. స్టీలు పీచు కూడా వద్దు, దాని తునకలే చిల్లుల్లో ఇరుక్కుంటాయి.

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు), ఉదయం 9:30

మా ఇంట్లో పెద్దవాళ్లు పైగిన్నెను స్టవ్ మంట మీద కాల్చి తట్టేవాళ్లు. చిల్లులన్నీ తెరుచుకునేవి. ఇన్ని తిప్పలు ఎందుకు?

కాఫీ_మర (కర్నూలు), ఉదయం 9:44

జిడ్డుకు పని చేస్తుంది, కాలి బూడిదై రాలుతుంది. సున్నం గ్యాసు మంటకు పోదు. మందమైన పాత ఇత్తడి ఫిల్టర్లకు మంట ఏం చేయదు గానీ ఇప్పటి పలచని స్టీలు అడుగు ఒక్కోసారి వంగుతుంది. వంగిందంటే పొడి సమంగా కూర్చోదు, దేవునికడప గారి బాధ మీకూ మొదలవుతుంది. ఎండిన జిడ్డు వరకైతే క్షణం సేపు చూపించొచ్చు. గొడుగు పిడి ప్లాస్టిక్‌ది అయితే దాన్ని పక్కన పెట్టండి.

పెన్నా_ఇసుక (ప్రొద్దుటూరు), ఉదయం 9:52

మాది ఇత్తడిదే. సరే, ఒప్పుకుంటా.

పాత_బస్టాండు (కడప), ఉదయం 10:15

ఈసారి కరెక్టుగా చదివే అడుగుతాండా. కాఫీకి ఆర్ఓ నీళ్లు పోస్తే సున్నం సమస్యే ఉండదు కదా?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), ఉదయం 10:40

కాచే నీళ్ల కంటే కడిగే నీళ్లు ఎక్కువ చేస్తాయి. కడిగి అలాగే వదిలేస్తే చిల్లుల్లో నిలిచిన బొట్టు ఎండి సున్నం మిగులుతుంది, రోజుకొక పొర. కడిగాక విదిలించి గుడ్డతో తుడిచి బోర్లిస్తే సగం తగ్గుతుంది. రుచికి ఆర్ఓ మంచిదా, కుళాయి నీళ్లు మంచిదా అన్నదాంట్లోకి నేను రాను.

కాఫీ_మర (కర్నూలు), ఉదయం 10:48

నేను వస్తా. పూర్తి ఆర్ఓ నీళ్లతో కాఫీ చప్పగా ఉంటుంది. తుంగభద్ర నీళ్లు కాచి పోస్తే ఆ రుచే వేరు.

గుత్తి_రోడ్డు (అనంతపురం), మంగళవారం ఉదయం 7:50

సోడా నీళ్లు టీ రంగుకు తిరిగినాయి. నిమ్మ ఉప్పు వేస్తే అంచుల్లో బుడగలు వచ్చినాయి. ఇప్పుడు ఖాళీ గిన్నెలో అడుగంతా ధారలే. అదే పొడి, అవే 30, 180. గంటకు 75 మిల్లీలీటర్లు దిగింది. నిన్నటికి దాదాపు రెండింతలు, కానీ 120 మాత్రం రాలేదు.

కాఫీ_మర (కర్నూలు), ఉదయం 8:30

మిగిలింది పొడి వాటా. మెత్తదనం, చికోరీ రెండూ కలిసి పట్టేస్తున్నాయి. ఒక మాట స్పష్టంగా చెప్తా, 60-40 అమ్మడంలో మోసం ఏమీ లేదు. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని, ఎంతెంత ఉందో పొట్లం మీద రాయాలని నియమం. వాళ్లు రాశారు. మీరు చూసుకోలేదు, అంతే.

అప్పటికప్పుడు ఆడించి ఇచ్చే అంగడిలో అనుమానం వస్తే గ్లాసు చన్నీళ్ల మీద చిటికెడు పొడి చల్లండి. కాఫీ కాసేపు తేలుతుంది, చికోరీ వెంటనే గోధుమరంగు చారలు వదులుతూ మునుగుతుంది. శాతం కచ్చితంగా తెలియదు గానీ పాత పొడి పక్కన పెట్టి చూస్తే తేడా కనబడుతుంది.

ఆడించేటప్పుడు ‘ఫిల్టర్‌కు’ అని చెప్పినా ఒక్కో చోట మెత్తగానే ఇస్తారు, మెత్తగా ఉంటే చిక్కగా దిగుతుందని జనం నమ్మకం. వేలికి ఏం తగలాలో చెప్పి అడగండి. బొంబాయి రవ్వ మాదిరి అయితే బరక, నీళ్లు జారిపోతాయి. గోధుమపిండి మాదిరి అయితే మీ గతే. చిరోటి రవ్వ కంటే కొంచెం మెత్తగా, రుద్దితే సన్న ఉప్పులా గరగర తెలియాలి. వేళ్లకు అంటుకోకూడదు. ముందు 100 గ్రాములే ఆడించుకోండి.

ఉన్న పొడి పారేయొద్దు. బరక పొడి వంద గ్రాములు తెచ్చి సగం సగం కలిపి వాడేయండి. మూత బిగుతుగా పెట్టండి, చికోరీ గాలిలో తేమను లాగి ఉండకడుతుంది. ఉండలు కట్టిన పొడి ఒకచోట బిగుసుకుని ఇంకోచోట జారిపోతుంది.

దేవునికడప, సాయంత్రం 6:10

చిన్న ఫిల్టర్ తెచ్చా, అయిదు సెంటీమీటర్లది. అదే మిక్సీ పొడి జల్లెడ పట్టి 15 గ్రాములు, నీళ్లు 90, రెండు విడతలు. పన్నెండు నిమిషాలు పట్టింది, 60 దిగింది. రంగు బాగుంది. కొంచెం చేదు తేలింది, ఎందుకో తెలియదు.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), సాయంత్రం 6:45

మిక్సీలో పిండి అయిన భాగం చేదు ఇస్తుంది, జల్లెడతో అది పోదు. లేదా గింజ ఎక్కువ వేగి ఉండొచ్చు. ఈసారి గింజ రంగు చూడండి. నల్లగా నూనె మెరుస్తుంటే వేపుడు వైపు వెతకాలి.

గుత్తి_రోడ్డు (అనంతపురం), శుక్రవారం ఉదయం 7:30

అదే అంగట్లో 80-20, వేలికి గరగర తగిలేటట్టు ఆడించినాం. 30 గ్రాములు, 180 నీళ్లు, మొదట 60 పోసి అర నిమిషం ఆగి మిగతా 120 పోసినా. మొదటి చుక్క నిమిషంన్నరకు. 22 నిమిషాలకు 115 దిగింది. ఫిల్టరూ, పొడీ రెండూ తప్పే అన్న మాట.

ఒక్క తంటా మిగిలింది. ఇంట్లో పెద్దామెకు ఇది ‘పలచగా’ ఉందంట. ఆ గంటసేపు దిగిన డికాక్షనే బాగుందంటాంది.

కాఫీ_మర (కర్నూలు), ఉదయం 8:05

ఆమె అనేది రుచి కాదు, ఒళ్లు. చికోరీ ఇచ్చే చిక్కదనం అది. ఇదే మెత్తదనంలో 70-30 ఆడించండి. అయిదారు నిమిషాలు ఎక్కువ పడుతుంది గానీ ఆగదు. నీళ్లు 180 బదులు 150 పోసి చూడండి, 90 దిగుతుంది, అదీ చిక్కగానే ఉంటుంది.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), ఉదయం 8:20

ముందు నీళ్లు తగ్గించి చూడండి, పొడి తర్వాత. రెండూ ఒకేరోజు వద్దు.

దేవునికడప, ఉదయం 9:00

ఒక్కటి తేల్చండి. నీళ్లు పోశాక గొడుగు లోపలే ఉంచాలా, తీసేయాలా?

కాఫీ_మర (కర్నూలు), ఉదయం 9:12

ఉంచాలి. తీస్తే పొడి కదులుతుంది.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు), ఉదయం 9:20

మొదటి విడత దాకా ఉంచి, రెండో విడతకు ముందు తీసేస్తాను నేను. ఉబ్బే పొడి మీద బరువు ఉండకూడదు.

నల్లరేగడి (నంద్యాల), ఉదయం 9:31

ఉంచి, అదమాలి.